ఫోన్ లాక్కోవద్దు, ఫొటో మానిపించండి: చాట్‌బాట్‌తో చదువు గురించి ఒక లెక్కల మాస్టారి సమాధానం

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మొన్న బడిలో తల్లిదండ్రుల సమావేశంలో చాట్‌బాట్‌ల గురించి మీరు మాట్లాడారట. ఆ రోజు మాకు రొయ్యల చెరువు పట్టుబడి ఉండి రాలేకపోయానండి. మా అమ్మాయి పదో తరగతి. హోంవర్కు లెక్కలన్నీ ఫోన్‌లో అడిగి చేస్తోంది. నోటుబుక్కులో అన్నీ రైటే, స్లిప్ టెస్టులో మాత్రం ఇరవైకి ఆరో ఏడో వస్తున్నాయి. ఫోన్ లాక్కోమంటారా, ఇవ్వమంటారా? నాకు లెక్కలు రావు. తను నేర్చుకుంటోందో కాపీ కొడుతోందో నాకెలా తెలుస్తుంది? ఆ రోజు ఏం చెప్పారో కొంచెం వివరంగా రాయగలరా?

సమాధానం:

ఫోన్ లాక్కోవద్దండి. ప్రశ్నను ఫొటో తీసి పంపడం మాత్రం ఈ రోజు నుంచే మానిపించండి. ఆ రోజు సమావేశంలో నేను చెప్పిన దానిలో ముఖ్యమైన మాట ఇదొక్కటే. ఎందుకు మానిపించాలి, మానిపించి దాని స్థానంలో ఏం చేయించాలి అన్నదే మిగతా ప్రసంగమంతా. నేను చెప్పేది ప్రధానంగా లెక్కలకు, భౌతికశాస్త్రంలోని లెక్కలకు వర్తిస్తుంది. సాంఘికశాస్త్రం ప్రాజెక్టుల సంగతి వేరు, దాన్ని చివర్లో కొద్దిగా చెబుతాను.

ముందుగా మీ అమ్మాయి మీద అనుమానం పెట్టుకోవద్దు. హోంవర్కు అంతా రైటయి పరీక్షలో మార్కులు రాకపోతే పిల్ల మోసం చేస్తోందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువమంది పిల్లలు తమకు ఆ లెక్క వచ్చేసిందని నిజంగానే నమ్ముతారు. తెర మీద సాధన వరుసగా, శుభ్రంగా కనిపిస్తుంది; ఒక్కొక్క మెట్టు చదువుతున్నప్పుడు ‘అవును, ఇది నిజమే’ అనిపిస్తుంది. అలా అనిపించడం వేరు, తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడు మొదటి మెట్టుగా ఏది రాయాలో తనంతట తాను తేల్చుకోవడం వేరు. గట్టు మీద కూర్చుని ఈత చూసినవాడికి చేతులు ఎలా ఆడించాలో తెలిసినట్టే ఉంటుంది, కాలువలో దిగితే గానీ రాలేదన్న సంగతి తెలియదు. పరీక్ష అడిగేది ఆ మొదటి మెట్టునే.

ఇది నా ఊహ మాత్రమే కాదు. టర్కీలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది పిల్లల మీద అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. లెక్కల అభ్యాసం చేసేటప్పుడు కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు, కొందరికి జవాబు నేరుగా చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా ఉపాధ్యాయుల సాయంతో తీర్చిన చాట్‌బాట్ ఇచ్చారు, మరికొందరికి పుస్తకం, నోట్సు తప్ప ఏదీ ఇవ్వలేదు. మామూలు చాట్‌బాట్ ఉన్నవారు, ఏదీ లేనివారికంటే, అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత చాట్‌బాట్ లేకుండా పరీక్ష పెట్టినప్పుడు అదే పిల్లలు, ఏదీ లేకుండా చదువుకున్నవారికంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనలు మాత్రమే అందుకున్నవారికి ఆ నష్టం దాదాపుగా కలగలేదు. అయితే వారు కూడా పరీక్షలో మిగతావారిని మించిపోలేదన్న సంగతి గమనించండి. అంటే సరిగ్గా వాడినా ఇది మార్కులు పెంచే మంత్రమేమీ కాదు. మీ అమ్మాయి నోటుబుక్కుకూ స్లిప్ టెస్టుకూ మధ్య మీరు చూస్తున్న తేడా ఆ ప్రయోగంలో కనిపించిన తేడాయే.

ఇక ఎలా వాడాలో ఒక లెక్క తీసుకుని చెబుతాను. సమావేశంలో నల్లబల్ల మీద రాసింది కూడా ఇదే. పదో తరగతి వర్గ సమీకరణాల పాఠంలో ఇలాంటివి వస్తాయి.

‘ఒక లాంచీ నిలకడ నీటిలో గంటకు 10 కిలోమీటర్లు వెళుతుంది. అది ఏటికి ఎదురుగా 24 కిలోమీటర్లు వెళ్లి, తిరిగి అదే దారిలో వాలుగా బయలుదేరిన చోటికి రావడానికి మొత్తం 5 గంటలు పట్టింది. ప్రవాహ వేగం ఎంత?’

దీన్ని ఫొటో తీసి పంపితే క్షణాల్లో సమీకరణం, సాధన, జవాబు వచ్చేస్తాయి. జవాబు గంటకు 2 కిలోమీటర్లు. పిల్ల ఎక్కించుకుంటుంది, మేము టిక్కు పెడతాము, కథ అక్కడితో ముగుస్తుంది. ఆ ఎక్కించుకున్న పిల్లకు ఈ లెక్కలో అసలు కష్టం ఎక్కడుందో ఎదురే పడలేదు.

ఫొటో తీయకుండా పది నిమిషాలు కాగితం మీద కుస్తీ పడిన పిల్ల ఏం చేస్తుందో చూడండి. చాలామంది ఇలా ఆలోచిస్తారు: ‘వెళ్లేటప్పుడు ఏరు ఎంత వెనక్కి లాగిందో వచ్చేటప్పుడు అంత ముందుకు తోస్తుంది, కాబట్టి రెండూ సరిపోతాయి. మొత్తం దూరం 48 కిలోమీటర్లు, వేగం 10, కాబట్టి 4.8 గంటలు.’ అంటే 4 గంటల 48 నిమిషాలు. కానీ లెక్కలో 5 గంటలని ఉంది. ఆ 12 నిమిషాలు ఎక్కడివో అర్థం కాక అక్కడ ఆగిపోతుంది. చాట్‌బాట్ దగ్గరకు వెళ్లాల్సిన సమయం అదే. ఇప్పుడు ఆమె చేతిలో ప్రశ్నతో పాటు తన ఆలోచన కూడా ఉంది, అది ఎక్కడ ఆగిందో కూడా తెలుసు.

అప్పుడు ఆమె టైపు చేయాల్సింది ఇలా ఉండాలి. సమావేశంలో దీన్ని అందరిచేతా రాయించాను, మీరూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి:

‘నేను పదో తరగతి చదువుతున్నాను. లెక్క ఇది. నేను ఇలా చేశాను: ప్రవాహం వెళ్లేటప్పుడు తగ్గించిన వేగం వచ్చేటప్పుడు కలిసి వస్తుందని అనుకుని 48ని 10తో భాగించాను. 4.8 గంటలు వచ్చింది, లెక్కలో 5 గంటలని ఉంది. జవాబు చెప్పవద్దు. సమీకరణం రాసి ఇవ్వవద్దు. నా ఆలోచనలో పొరపాటు ఎక్కడుందో నాకే తెలిసేలా ఒక్క ప్రశ్న మాత్రం అడుగు.’

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. తరగతి చెప్పకపోతే ఇంటర్మీడియట్ పద్ధతిలో వివరణ వచ్చి పిల్ల బెదిరిపోతుంది. తన ప్రయత్నం రాయకపోతే చాట్‌బాట్‌కు పొరపాటు ఎక్కడుందో తెలిసే వీలు లేదు, అందుకే మొత్తం సాధన మొదటి నుంచి అప్పజెబుతుంది. ‘జవాబు చెప్పవద్దు’ అని మాత్రమే అంటే జవాబు ఒక్కటి ఆపి సమీకరణం వరకు అంతా ఇచ్చేస్తుంది. ఇలాంటి లెక్కలో తెలివి మొత్తం సమీకరణం కట్టడంలోనే ఉంది, ఆ తర్వాతిది చేతిపని. అందుకే సమీకరణం కూడా వద్దని విడిగా చెప్పాలి. ‘ఒక్క ప్రశ్న’ అని అనకపోతే అరపేజీ ఉపన్యాసం వస్తుంది.

ఇలా రాస్తే సాధారణంగా వచ్చే సూచన ఒక చిన్న ప్రయోగం. ప్రవాహ వేగం గంటకు 6 కిలోమీటర్లనుకుని ఒక్కొక్క వైపు ఎంతసేపు పడుతుందో విడివిడిగా కట్టి చూడమంటుంది. ఎదురు వెళ్లేటప్పుడు వేగం 4, కాబట్టి 24 కిలోమీటర్లకు 6 గంటలు. వాలుగా వచ్చేటప్పుడు వేగం 16, కాబట్టి గంటన్నర. మొత్తం ఏడున్నర గంటలు. ఏరు కదలకుండా ఉంటే ఒక్కొక్క వైపు 2 గంటల 24 నిమిషాలు పట్టాలి. అంటే ఎదురు వెళ్లడంలో 3 గంటల 36 నిమిషాలు నష్టపోయి, వాలులో 54 నిమిషాలు మాత్రమే తిరిగి సంపాదించింది. కిలోమీటర్లు సరిపోయాయి, గంటలు సరిపోలేదు. నెమ్మదిగా సాగిన దారిలోనే లాంచీ ఎక్కువసేపు గడిపింది. ఈ సంగతి పిల్లకు తన చేతి లెక్కతో తట్టిన తర్వాత, రెండు వైపులా సమయాలను విడిగా రాసి కలపాలన్న ఆలోచన దానంతట అదే వస్తుంది.

ఇక్కడ ఫోన్ బోర్లా పెట్టించండి. సమీకరణం ఆమే కట్టాలి:

```
24/(10 - y) + 24/(10 + y) = 5
480 = 5(100 - y²)
y² = 4
y = 2 లేదా y = -2
```

రెండో మూలాన్ని ఎందుకు వదిలేశావని అడిగితే ఎక్కించుకున్న పిల్లలు ‘మైనస్ వస్తే తీసేయాలి కదా మాస్టారూ’ అంటారు. చేసిన పిల్ల ‘వేగం రుణాత్మకం కాదు’ అంటుంది. ఇంకొంచెం ఆలోచించిన పిల్ల అయితే, మైనస్ 2 అంటే ఏరు అటు నుంచి ఇటు పారుతున్నట్టు, అప్పుడు కూడా మొత్తం 5 గంటలే పడుతుంది అని పసిగడుతుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు నీరు ఎగువకు ఎక్కడం చూసిన మన లంకల పిల్లలకు ఈ మాట చెబితే వెంటనే పడుతుంది. ఇలాంటివి చాట్‌బాట్ తనంతట తాను చెప్పదు, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగలరు.

తర్వాత మర్నాడు, చాట్ చూడకుండా, తిరగేసిన లెక్క ఒకటి చేయించాలి. ‘ప్రవాహ వేగం గంటకు 3 కిలోమీటర్లు. లాంచీ ఎదురుగా 36 కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావడానికి 5 గంటలు పట్టింది. నిలకడ నీటిలో లాంచీ వేగం ఎంత?’ ఇందులో తెలియని రాశి మారింది. నిన్నటి సాధనను గుర్తుంచుకుని అంకెలు మార్చిన పిల్ల ఇక్కడ తడబడుతుంది. అర్థం చేసుకున్న పిల్ల 5x² − 72x − 45 = 0 దాకా వచ్చి, కారణాంకాలు విడగొట్టి 15 అని చెబుతుంది. నిన్న చేసినట్టే ఉండే లెక్కను వంద సార్లు చేయించడంకంటే ఇలా తిరగేసిన లెక్క ఒక్కటి ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. ఇలాంటి లెక్క తయారుచేసి ఇమ్మని చాట్‌బాట్‌నే అడగవచ్చు కానీ, కొన్నిసార్లు అది ఇచ్చే అంకెలకు ముక్కలు ముక్కలైన దశాంశాలు వస్తాయి, కొన్నిసార్లు జవాబే ఉండదు. పాఠ్యపుస్తకంలో అభ్యాసం చివరి లెక్కలు చేయిస్తే ఆ బాధ లేదు, వెనక జవాబులు ఉంటాయి.

ఇప్పుడు చాట్‌బాట్ తప్పు చెబితే ఎలా అన్న సంగతి. సమావేశంలో ఎక్కువమంది దీని గురించే అడిగారు. ఇది క్యాలిక్యులేటర్ లాంటిది కాదు. కోట్ల పేజీల రాతలు చూసి, ఇలాంటి మాటల తర్వాత ఎలాంటి మాటలు రావాలో అంచనా వేసి రాస్తుంది. పడవలు, ప్రవాహాల లెక్కలు అది ఎన్నో చూసి ఉంటుంది కాబట్టి మామూలుగా సరిగ్గానే చేస్తుంది. ఈ మధ్య వచ్చినవి ఇంకా మెరుగుపడ్డాయి. అయినా మన పిల్లల దగ్గర రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది, ఫొటోలో అంకె తప్పుగా చదవడం. పెన్సిలుతో రాసిన 24ను 29గా చదివి, అక్కడి నుంచి ఒక్క తప్పూ లేకుండా తప్పు జవాబు దాకా వెళుతుంది. ఫొటో వద్దనడానికి ఇది రెండో కారణం. లెక్కను చేత్తో టైపు చేసిన పిల్ల ప్రతి అంకెనూ ఒకసారి చదివినట్టే కదా. రెండోది దీనికంటే చెడ్డది, అది తలూపడం. సరైన జవాబు వచ్చాక కూడా ‘కాదు, మా మాస్టారు 3 అన్నారు’ అని గట్టిగా రాస్తే, చాట్‌బాట్ కొన్నిసార్లు క్షమాపణ చెప్పి 3కు తగ్గట్టుగా కొత్త సాధన అల్లేస్తుంది. ఈ పని మీ ఇంట్లో మీరే చేసి చూడవచ్చు. అది పట్టుబట్టి నిలబడితే మంచిదే, తలూపితే మాత్రం మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి చూపించండి. దాని మాటలోని ధీమాకూ జవాబు నిజానికీ సంబంధం లేదని పిల్లకు ఒక్కసారి కళ్లారా కనిపిస్తే, నేను పది సార్లు చెప్పనవసరం లేదు.

దీనికి మందు ఏమిటంటే, వచ్చిన జవాబును తిరిగి లెక్కలో పెట్టి చూడటం. ప్రవాహం 2 అయితే ఎదురు వేగం 8, సమయం 3 గంటలు. వాలు వేగం 12, సమయం 2 గంటలు. మొత్తం 5, సరిపోయింది. ప్రవాహం 3 అనుకుంటే 24ను 7తో, 24ను 13తో భాగించి కలిపితే ఐదుంపావు దాటుతుంది, సరిపోలేదు. జవాబు రాసిన ప్రతి లెక్క కిందా ఈ సరిచూడటం రెండు వరుసల్లో ఉండాలని మా తరగతిలో నియమం పెట్టుకున్నాము. ఎవరు తప్పు చెప్పినా, అది చాట్‌బాట్ అయినా గైడు అయినా నేనయినా, ఆ రెండు వరుసల్లో బయటపడుతుంది.

మీకు లెక్కలు రావన్నారు. వచ్చి తీరాలని లేదండి. మీరు చూడాల్సినవి రెండు వస్తువులు. ఒకటి రఫ్ నోటుబుక్కు, రెండు ఫోన్‌లో చాట్ చరిత్ర.

రఫ్ పుస్తకంలో కొట్టివేతలు ఉండాలి. 48ని 10తో భాగించి, కొట్టేసి, పక్కన మళ్లీ మొదలుపెట్టిన గుర్తు ఉంటే ఆ పిల్ల ఆలోచించింది. ఏ కొట్టివేతా లేకుండా వరుసగా పది లెక్కలు ఫెయిర్ పుస్తకంలోకి ఎక్కి ఉంటే, అవి ఎక్కడి నుంచో దిగినవే. చాట్ చరిత్ర తెరవగానే ఎడమ పక్క జాబితాలో పాత సంభాషణలు కనిపిస్తాయి. ఒకటి తెరిచి, పిల్ల రాసిన మాటలు మాత్రమే చదవండి, చాట్‌బాట్ రాసింది మీకు అక్కర్లేదు. వరుసగా ఫొటోలే ఉండి, కింద ‘జవాబు చెప్పు’, ‘షార్ట్‌గా చెప్పు’, ‘తెలుగులో చెప్పు’ అని ఉంటే అది ఎక్కింపు. ‘నేను ఇలా చేశాను’, ‘ఇక్కడ ఎందుకు కూడాలి?’, ‘నాకు 7.5 వచ్చింది’ లాంటి మాటలుంటే అది చదువు. పిల్ల రాసిన వాక్యాల్లో తన అంకెలు ఉన్నాయా లేదా అన్నది అక్షరం ముక్క వచ్చిన ఎవరైనా చెప్పగలరు. చాట్ చరిత్ర చెరిపేసి ఉంటే తిట్టకండి, ఇక నుంచి చెరపవద్దని మాత్రం చెప్పండి.

ఇది కాక ఒకే ఒక్క ప్రశ్న నోటితో అడగండి: ‘ఈ లెక్కలో నువ్వు మొదట ఎక్కడ ఆగిపోయావమ్మా?’ చేసిన పిల్ల వెంటనే చోటు చూపిస్తుంది, ‘నాన్నా, రెండూ సరిపోతాయనుకున్నాను’ అని మొదలుపెడుతుంది. ఎక్కించుకున్న పిల్ల ‘ఎక్కడా ఆగలేదు, ఈజీగా వచ్చేసింది’ అంటుంది. పదో తరగతి వర్గ సమీకరణం ఎక్కడా ఆగకుండా వచ్చేసిందంటే నమ్మే ముందు రఫ్ పుస్తకం అడగండి.

కువైట్‌లో ఉంటున్న ఒక తండ్రి తరఫున ఆయన భార్య సమావేశానికి వచ్చి, ఆయన అక్కడి నుంచి ఎలా చూసుకోవాలని అడిగారు. రోజూ వీడియో కాల్‌లో ‘చదువుతున్నావా’ అని అడిగే బదులు, ఆ రోజు రఫ్ పేజీ ఒకటి వాట్సాప్‌లో పంపించుకోమని చెప్పాను. ఫెయిర్ పేజీ కాదు, కొట్టివేతలున్న పేజీ. దానిలో ఒక కొట్టివేత చూపించి ఇదెందుకు కొట్టేశావని అడిగితే చాలు.

ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్ ఉండటం మన ప్రాంతంలో మామూలే. నిజానికి అది మంచిదే. పగలంతా ఫోన్ మీతో చెరువు గట్టున ఉంటే, సాయంత్రం మీరు వచ్చే వరకు పిల్లకు కాగితం తప్ప దిక్కుండదు. మీరు వచ్చేసరికి చేసినవి చేసి, ఆగిపోయిన లెక్కల పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుని ఉండాలి. ఫోన్ ఆ ప్రశ్న గుర్తుల కోసమే, అరగంట చాలు. చాట్‌జీపీటీలో ‘స్టడీ మోడ్’ అని, జెమినిలో ‘గైడెడ్ లెర్నింగ్’ అని 2025లో వచ్చిన ఏర్పాట్లు ఉన్నాయి. వాటిని పెట్టుకుంటే జవాబు నేరుగా ఇవ్వకుండా ప్రశ్నలతో నడిపించడానికి ప్రయత్నిస్తాయి. పెట్టుకోండి, కాకపోతే వాటి మీదే భారం వేయకండి. ఒక్క నొక్కుతో పిల్ల దాన్ని తీసేయగలదు, పట్టుబట్టి అడిగితే జవాబు రాబట్టగలదు కూడా. గోడకు అంటించిన కాగితం ఏ యాప్‌లోనైనా పనిచేస్తుంది.

ఖాతా ఎవరి పేరున ఉందో కూడా చూసుకోండి. చాట్‌జీపీటీ నియమాల ప్రకారం 13 ఏళ్లు నిండనివారు దాన్ని వాడకూడదు, 18 లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పదో తరగతి పిల్లకు మీ అనుమతి అవసరమన్నమాట, తమ్ముడో చెల్లెలో ఆరో తరగతిలో ఉంటే వాళ్లకు ఇవ్వకండి. పిల్లల పేరు, బడి పేరు, ఆధార్ నంబరు, మార్కుల జాబితా ఫొటో లాంటివి అందులో పెట్టనవసరం లేదు. లెక్క అడగడానికి అవేవీ అక్కర్లేదు.

సాంఘికశాస్త్రం ప్రాజెక్టుల గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడ సరిచూసుకోవడానికి సమీకరణం లేదు, అందుకని తప్పు సులువుగా దాక్కుంటుంది. మన డెల్టా నీటిపారుదల మీద ప్రాజెక్టు ఇస్తే, ‘ఆర్థర్ కాటన్ 1852లో కట్టిన బ్యారేజీ గేట్ల ద్వారా’ అన్నట్టు రాసుకొస్తారు. 1847లో మొదలై 1852లో పూర్తయినది ఆనకట్ట. ఇప్పుడు ధవళేశ్వరంలో మనం చూసే గేట్ల బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో 1970ల నుంచి కట్టి, 1980ల్లో పూర్తిచేసినది. దానికి కాటన్ పేరు పెట్టారు కాబట్టి రెండూ కలిసిపోతాయి. ఇలాంటి ప్రాజెక్టులో సంవత్సరం, పేరు, అంకె ఉన్న ప్రతి వాక్యం కిందా గీత గీయించి, అది పాఠ్యపుస్తకంలోనో, ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలోనో దొరికితే ఉంచమనండి, దొరక్కపోతే కొట్టేయమనండి. మిగిలిన సగం పేజీలో మీ చేలోకి నీరొచ్చే కాలువ పేరు, వేసవిలో ఆ కాలువ కట్టేసినప్పుడు మీరేం చేస్తారు అన్నది రాయించండి. అది ఏ చాట్‌బాట్ దగ్గరా ఉండదు, మాకు చదవడానికి కూడా బాగుంటుంది.

సమావేశంలో ఒక తల్లి కాస్త కోపంగానే ఒక మాట అన్నారు: ‘పట్నంలో పిల్లలందరూ దీంతోనే చేసుకుని రికార్డులకు పూర్తి మార్కులు తెచ్చుకుంటుంటే, మా వాడు కుస్తీ పడుతూ కూర్చోవాలా మాస్టారూ?’ ఆమె బాధలో న్యాయం ఉంది. రికార్డులకు, ప్రాజెక్టులకు మార్కులు ఇచ్చే తీరు మేము మార్చుకోవాలి, ఆ తప్పు పిల్లలది కాదు. నేను ఇప్పుడు ఇంటి లెక్కలకు మార్కులు వేయడం మానేశాను. ఇంట్లో చేసుకొచ్చిన వాటిలో ఒకదాన్ని అంకెలు మార్చి బల్ల మీద చేయమంటాను, దానికే మార్కు. మీ అమ్మాయి తరగతిలో పద్ధతి వేరే అయితే, అక్కడి మాస్టారితో మాట్లాడి, రైటు, తప్పులతో పాటు రఫ్ పేజీ కూడా చూడమని అడగండి. అడిగితే ఎవరూ కాదనరు.

మీ అమ్మాయి సంగతికి వస్తే, స్లిప్ టెస్టులో ఆరు వచ్చిన చోట కొత్త పాఠంతో మొదలుపెట్టవద్దు. ఆ టెస్టు పేపరే తీసుకుని, తప్పుపోయిన లెక్కలను ఒక్కొక్కటి, ఫోన్ లేకుండా, మళ్లీ చేయమనండి. హోంవర్కులో రైటయినదే టెస్టులో తప్పయిన లెక్కలు కొన్ని తప్పకుండా ఉంటాయి. ముందు వాటికే గోడ మీది కాగితం ప్రకారం సూచన అడిగించండి. మొదట్లో ఒక్కో లెక్కకు చాలాసేపు పడుతుంది, ఒక సాయంత్రం రెండు లెక్కలే అయితే రెండే చాలు. హోంవర్కు పూర్తికాలేదని పిల్ల కంగారుపడితే నా దగ్గరకో, మీ మాస్టారి దగ్గరకో చీటీ రాసి పంపండి, మేము అర్థం చేసుకుంటాము. రెండు సూచనలు అడిగినా దారి దొరకకపోతే మూడోది అడగనివ్వవద్దు. మూడోసారి అడిగేసరికి సూచనల రూపంలో జవాబు మొత్తం వచ్చేసి ఉంటుంది. ఆ లెక్క పక్కన ప్రశ్న గుర్తు అలాగే ఉంచి, తను ఎక్కడి దాకా వచ్చిందో ఒక్క వాక్యం రాసి, మర్నాడు నోటుబుక్కు బడికి తెచ్చుకోమనండి.